తాతయ్య వాయించని స్వరం

"సార్, మా తాతయ్య వాయించని స్వరం నా రికార్డింగులో వినిపిస్తోంది. అది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

వెనక వరసలోంచి లేచిన కుర్రాడి ప్రశ్న ఇది. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో శబ్దాన్ని అంకెలుగా మార్చడం గురించి గంటసేపు మాట్లాడాను. పౌనఃపున్యం, సాంప్లింగ్ రేటు, దానికి సగం అంటూ బోర్డంతా నింపాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. ప్రశ్నలు అడగమంటే మాత్రం ముందు ఎవరూ నోరు విప్పలేదు. ఈ అబ్బాయి లేచాక మిగతావాళ్ళకీ ధైర్యం వచ్చింది. నిజం చెప్పాలంటే నా గంట ప్రసంగం కంటే ఆ తర్వాతి గంటే బాగుంది. అందుకే దాని గురించి రాస్తున్నాను.

అబ్బాయి తాతగారు పెళ్ళిళ్ళలో సన్నాయి వాయిస్తారు. ప్రాజెక్టు పని కోసం ఇతను ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, రెండు వందల రూపాయల మైకు, మెమరీ కార్డు కలిపి సొంతంగా ఒక రికార్డరు తయారుచేశాడు. అది సెకనుకు 8,000 సార్లు మైకు వోల్టేజిని కొలిచి, ఆ అంకెలను కార్డులో రాసుకుంటుంది. తాతగారు మామూలుగా వాయిస్తుంటే పరవాలేదట. తారస్థాయికి వెళ్ళేసరికి అడుగున ఏదో మూలుగు మొదలవుతోంది. "సన్నాయి పైకి వెళ్తుంటే ఆ మూలుగు కిందికి దిగుతోంది సార్. తాతయ్య విని, నా వెనకాల ఇంకెవడ్రా వాయిస్తున్నాడు అన్నాడు."

హాలంతా నవ్వింది. నేను మాత్రం ఆ పెద్దాయన చెవికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. పైకి వెళ్తుంటే కిందికి దిగుతుందన్న ఒక్క మాటతోనే జబ్బేమిటో తెలిసిపోయింది. దాని పేరు ఏలియాసింగ్.

పేరు కొత్తదేమీ కాదు. పేపర్లో నేరవార్తలు చదివేవాళ్ళందరికీ 'అలియాస్' అనే మాట తెలుసు, ఫలానా శ్రీను అలియాస్ చిన్నా అని రాస్తారే, అదే. మనిషి ఒకడు, తిరిగేది ఇంకో పేరుతో. ఇక్కడ స్వరం ఒకటి, రికార్డులోకి చేరేది ఇంకో స్వరం పేరుతో.

ఎలా చేరుతుందో చూడటానికి సన్నాయిని కాసేపు పక్కన పెట్టి సినిమాలో గుర్రపుబండి దగ్గరికి వెళ్దాం. బండి ముందుకు దూసుకుపోతుంటుంది, చక్రం మాత్రం మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలే తీస్తుంది. చక్రానికి పన్నెండు ఆకులుంటే ఆకుకీ ఆకుకీ మధ్య 30 డిగ్రీలు. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య చక్రం 28 డిగ్రీలు ముందుకు తిరిగిందనుకోండి. ఆకులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి, ప్రతి ఆకూ తన ముందున్న ఆకు ఉండాల్సిన చోటికి రెండు డిగ్రీలు వెనకగా వచ్చి నిలుస్తుంది. అది 28 డిగ్రీలు ముందుకు వెళ్ళిందా, 2 డిగ్రీలు వెనక్కి జరిగిందా అన్నది ఆ రెండు బొమ్మల్లో ఎక్కడా లేదు. మధ్యలో జరిగింది కెమెరా చూడలేదు. మన కన్నేమో దగ్గరి దారినే నమ్ముతుంది, వెనక్కి తిరిగిందనుకుంటుంది.

మైకు వోల్టేజిని కొలిచే చిప్పుదీ ఇదే కథ. ఒక స్వరాన్ని గుండ్రంగా తిరిగే గడియారం ముల్లు అనుకోండి. సెకనుకు 1,000 కంపనాలుంటే ముల్లు సెకనుకు వెయ్యి చుట్లు తిరుగుతుంది. చిప్పు సెకనుకు 8,000 సార్లు కన్ను తెరిచి చూస్తుంది. అంటే చూసిన ప్రతిసారీ ముల్లు చుట్టులో ఎనిమిదో వంతు జరిగి ఉంటుంది. ఇబ్బంది లేదు. 3,000 కంపనాలైతే ఎనిమిదింట మూడొంతులు జరుగుతుంది, అదీ బాగానే ఉంది. 5,000 అయితే ఎనిమిదింట అయిదొంతులు ముందుకు జరుగుతుంది. కానీ ఎనిమిదింట అయిదొంతులు ముందుకు వెళ్ళినా, మూడొంతులు వెనక్కి వెళ్ళినా ముల్లు ఆగేది ఒక్కచోటే. చిప్పు ఎదట 5,000, 3,000 ఒకే వేషంలో నిలబడతాయి.

సగం చుట్టే సరిహద్దు. చూపుకీ చూపుకీ మధ్య ముల్లు సగం చుట్టు కంటే తక్కువ జరిగితే అది ఎటు తిరిగిందో, ఎంత తిరిగిందో అనుమానం ఉండదు. సగం దాటితే మొదలవుతుంది గందరగోళం. 8,000 శాంపిళ్ళకు ఆ సరిహద్దు 4,000 హెర్ట్జ్. టెలిగ్రాఫు తీగ మీద సెకనుకు ఎన్ని గుర్తులు పంపగలమని లెక్కలు కట్టిన హ్యారీ నైక్విస్ట్ పేరుతో దీన్ని నైక్విస్ట్ హద్దు అంటారు. ఆయన వ్యాసం 1928లో వచ్చింది. 1949లో క్లాడ్ షానన్ దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందే, 1933లో, రష్యాలో కోటెల్నికోవ్ ఇదే విషయాన్ని రుజువు చేశాడు కానీ పశ్చిమ దేశాల వాళ్ళకి చాలాకాలం తెలియలేదు.

"కొలతకీ కొలతకీ మధ్య ఏం జరిగిందో మనకి తెలీదు కదా సార్, మరి చుక్కల్ని కలిపి పాటని మళ్ళీ ఎలా తెస్తారు? ఊహించి గీస్తారా?" అని ముందు వరసలోంచి ఒకమ్మాయి అడిగింది. మంచి అనుమానం. చాలామంది మనసులో డిజిటల్ పాటంటే మెట్లమెట్లుగా ఉండే గీత. ఊహతో పనిలేదమ్మా అన్నాను. హద్దు లోపలి స్వరాలు మాత్రమే లోనికి వచ్చాయన్న హామీ ఉంటే ఆ చుక్కలన్నిటి మీదుగా వెళ్ళగల నున్నటి వంపు ఒక్కటే ఉంటుంది, రెండోది ఉండదు. షానన్ సిద్ధాంతం చెప్పేది అదే. ప్లేయరులోని చిప్పూ, దాని వెనక ఫిల్టరూ కలిసి ఆ వంపునే దాదాపుగా తిరిగి గీస్తాయి. మరి హామీ తప్పితే? అవే చుక్కల మీదుగా హద్దు లోపలి వంపు ఒకటీ, హద్దు బయటి వంపులు ఎన్నో వెళ్తాయి. ప్లేయరు మారుమాట లేకుండా లోపలిదాన్నే గీస్తుంది, ఎందుకంటే దానికి తెలిసింది అదొక్కటే.

హద్దు మీద సరిగ్గా నిలబడితే ఏమవుతుందని ఒక లెక్చరరు అడిగారు. 4,000 హెర్ట్జ్ స్వరాన్ని 8,000 శాంపిళ్ళతో కొలిస్తే ఒక్కో కంపనానికి రెండే కొలతలు దక్కుతాయి. అవి రెండూ అల సున్నాని దాటే క్షణాల్లోనే పడితే కార్డులో అన్నీ సున్నాలే ఉంటాయి. స్వరం మోగుతూనే ఉంటుంది, రికార్డులో నిశ్శబ్దం. అందుకే రెండింతలు చాలదు, రెండింతల కంటే ఎక్కువ ఉండాలి.

ఇప్పుడు సన్నాయి దగ్గరికి వద్దాం. కుర్రాడు ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఆడాసిటీలో ఆ ఫైలు తెరిచి స్పెక్ట్రోగ్రాం పెట్టించాను. కాలం ఎడమ నుంచి కుడికి, పౌనఃపున్యం కింది నుంచి పైకి, ఎక్కడ శబ్దం బలంగా ఉంటే అక్కడ మెరుపు. తాతగారు తారస్థాయి పంచమం పట్టుకున్న చోటు చూశాం. మధ్య షడ్జం సుమారు 280 హెర్ట్జ్ ఉంది, తార షడ్జం 560, దాని పంచమం 840.

సన్నాయి 840 మీద మోగుతోందంటే 840 ఒక్కటే మోగుతోందని కాదు. రెండు రెల్లు పీకల మధ్య గాలి కొట్టుకుంటూ పుట్టే నాదం అది. దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఇలా పైకి పోయే హార్మోనిక్స్ బలంగా ఉంటాయి. మన ఇంటర్ పుస్తకాల్లో వీటినే అనుస్వరాలు అన్నారు. ఊరేగింపులో వీధి చివరికి కూడా సన్నాయి వినపడుతుందంటే అది వీటి చలవే. 840, 1,680, 2,520, 3,360. ఈ నాలుగూ 4,000 లోపలే ఉన్నాయి, ఎక్కడివక్కడ ఉన్నాయి. అయిదోది 4,200. అది హద్దు దాటింది.

దర్జీ టేపుని 4,000 గుర్తు దగ్గర మడిచారనుకోండి. 4,200 వచ్చి 3,800 మీద పడుతుంది. ఆరోది, 5,040, వచ్చి 2,960 మీద పడుతుంది. ఏడోది 5,880, దాని అలియాస్ 2,120. ఎనిమిదోది 6,720, అలియాస్ 1,280. తొమ్మిదోది 7,560, అలియాస్ 440. టేపు 8,000 దగ్గర సున్నాకి చేరి మళ్ళీ వెనక్కి మడత పడుతుంది కాబట్టి పదోది, 8,400, వచ్చి 400 మీద కూర్చుంటుంది.

తెర మీద 440, 400ల దగ్గర రెండు గీతలు స్పష్టంగా ఉన్నాయి. వాయిస్తున్న స్వరం 840. దానికి సగం దరిదాపుల్లో, ఏ శ్రుతికీ కుదరకుండా, ఒకదాన్నొకటి రాసుకుంటూ రెండు మొద్దు స్వరాలు. తాతగారి వెనక వాయిస్తున్న ఆ 'ఇంకెవడో' వీళ్ళే. మిగతా దెయ్యాలు, అంటే 3,800, 2,960, 2,120, 1,280, అసలు హార్మోనిక్స్ మధ్యలో ఇరుక్కుని నాదాన్ని గరగరలాడించాయి. వాటిలో ఒక్కటీ 840కి సరిగ్గా ఇన్నింతలు అని చెప్పడానికి వీల్లేదు. చెవి ఒక స్వరాన్ని 'ఇది ఒక్కటే స్వరం' అని గుర్తుపట్టేది దాని హార్మోనిక్స్ మూలానికి ఇన్నింతలని వరసగా ఉండటం వల్లే. వరసలో లేనివి చేరితే వాటిని నాదంలో కలుపుకోదు, బయటివాళ్ళని చూసినట్టు చూస్తుంది. మామూలు గరగరకీ దీనికీ తేడా అక్కడే. మైకు మీద గట్టిగా అరిస్తే పుట్టే గరగరలో కొత్త స్వరాలు కూడా మూలానికి ఇన్నింతలుగానే పుడతాయి, వికారంగా ఉన్నా ఆ కుటుంబంవే. ఇవి ఏ కుటుంబానికీ చెందవు.

తర్వాతి సెకనులో తాతగారు పంచమాన్ని కాస్త కదిపి గమకం తీశారు. 840 నుంచి 880 దాకా పోయి వచ్చారు. అర స్వరం కూడా కాదు. తెర మీద అసలు గీతలన్నీ బొమ్మలో పాము పడగెత్తినట్టు ఒక్కసారిగా పైకి వంగాయి. తొమ్మిదో హార్మోనిక్ అసలు చోట 7,560 నుంచి 7,920కి ఎక్కింది, అంటే దాని దెయ్యం 440 నుంచి 80కి దిగింది. స్వరం 40 హెర్ట్జ్ ఎక్కితే దెయ్యం 360 హెర్ట్జ్ జారింది. పదోది రెండో మడత అవతల ఉంది కాబట్టి దాని దెయ్యం 400 నుంచి 800కి ఎగబాకింది. ఒకటి కిందికి, ఒకటి పైకి, మధ్యలో రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటూ తెర మీద కత్తెర గుర్తు గీశాయి. సంగీతంలో అలాంటి కదలిక ఉండదు. వాయించే మనిషి వేళ్ళకి అది సాధ్యం కాదు.

"సరే సార్, దెయ్యం ఎక్కడుందో తెలిసింది కదా. ఆ గీతల్ని సాఫ్ట్‌వేర్‌తో చెరిపేస్తే?" అన్నాడు కుర్రాడు.

ఇక్కడ నేను వెంటనే బోర్డు దగ్గరికి పోకుండా అతని ల్యాప్‌టాప్ మీదే రెండు వరసలు టైపు చేయించాను.

```python
import numpy as np
n = np.arange(8)
print(np.round(np.cos(2*np.pi*3000*n/8000), 2))
print(np.round(np.cos(2*np.pi*5000*n/8000), 2))
```

రెండు వరసలూ ఒకటే వచ్చాయి. 1, −0.71, 0, 0.71, −1, 0.71, 0, −0.71. ఒకటి 3,000 హెర్ట్జ్, ఇంకోటి 5,000. దగ్గరగా ఉండటం కాదు, అంకెకి అంకె అదే. ఎనిమిదితో ఆపకుండా ఎనభై వేల శాంపిళ్ళు తీసినా అవే అంకెలు. కార్డులో ఉన్న 0.71 ఏ స్వరంనుంచి వచ్చిందో ఆ అంకెకే తెలియదు. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్‌కి ఎలా తెలుస్తుంది? ఒంటరిగా దూరాన ఉన్న 440 గీతని కోసి పారేయవచ్చు, కాదనను. తాతగారు ఆ తర్వాత మధ్యస్థాయిలోకి వచ్చి నిజంగానే 440 దగ్గర వాయిస్తే అదీ పోతుంది. నిజమైన హార్మోనిక్ మీదే వచ్చి పడిన దెయ్యాన్నయితే విడదీయడం కుదరనే కుదరదు. చక్కెరలో ఉప్పు కలిశాక ఏరినట్టు ఉంటుంది పని.

కాబట్టి కొలవకముందే ఆపాలి. చిప్పు కన్ను తెరిచేలోపే 4,000 పైనున్నవి లోనికి రాకుండా మైకుకీ చిప్పుకీ మధ్య ఒక జల్లెడ పెట్టాలి. దాన్ని యాంటీ ఏలియాసింగ్ ఫిల్టర్ అంటారు. "8,000 ఎందుకు పెట్టావు నాయనా?" అని అడిగాను. "టెలిఫోన్లో అంతే కదా సార్" అన్నాడు. నిజమే, డిజిటల్ టెలిఫోను ఎక్స్ఛేంజీలు సెకనుకు 8,000 శాంపిళ్ళే తీస్తాయి. కానీ అవి ముందు గొంతుని సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యకి జల్లించి, ఆ తర్వాత కొలుస్తాయి. 3,400 నుంచి 4,000 వరకు ఆ ఖాళీ స్థలం ఉన్నది జల్లెడ వాలడానికే. ఏ జల్లెడా గోడలా నిట్టనిలువుగా ఆపదు, వాలుగా దిగుతుంది. కుర్రాడు టెలిఫోను వాళ్ళ అంకె తెచ్చుకున్నాడు, వాళ్ళ జల్లెడ తెచ్చుకోలేదు.

ఆ ఖాళీ గురించి చెబుతుంటే ఎవరో సీడీ 44,100 సంగతి ఎత్తారు. మనుషుల చెవి 20,000 దాకా వింటుందంటారు, దానికి రెండింతలు 40,000 అయితే చాలదా అని. 20,000 నుంచి 22,050 దాకా ఉన్నది కూడా జల్లెడ వాలుకోసం వదిలిన స్థలమే. వినపడని స్వరాల్ని ఆపడం దేనికని కూడా అడిగారు. సన్నాయితో పాటు మోగే తాళాల్లో 30,000 దగ్గర ఏదైనా కాస్త ఉందనుకోండి, మనకి వినపడదు, దాని వల్ల ఎవరికీ బాధ లేదు. జల్లెడ లేకుండా సీడీ రేటుతో కొలిస్తే అది 14,100 దగ్గరికి మడత పడుతుంది. అప్పుడు వినపడుతుంది. ఇక సరిగ్గా 44,100 ఎందుకంటే, దానికి కారణం చెవి కాదు, టీవీ. 1970ల చివర్లో అంత డిజిటల్ శబ్దాన్ని దాచడానికి చేతికందిన వస్తువు వీడియో టేపు. అమెరికా, జపాన్ పద్ధతి టీవీలో సెకనుకు 60 ఫీల్డులు, ఒక్కో ఫీల్డులో వాడుకోదగ్గ గీతలు 245, గీతకి మూడు శాంపిళ్ళు. గుణిస్తే 44,100. యూరప్ పద్ధతిలో 50 ఫీల్డులు, 294 గీతలు, గీతకి మూడు. అదీ 44,100. రెండు చోట్లా ఒకే అంకె కుదిరింది, సీడీకి అదే ఖాయమైంది. వీడియో టేపు పోయింది, అంకె ఉండిపోయింది.

జల్లెడ అనగానే కుర్రాడి ముఖం వెలిగింది. ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు పెడతానన్నాడు. 4.7 కిలో ఓమ్, 10 నానోఫారడ్ అయితే కోత సుమారు 3,390 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుందని అక్కడికక్కడే లెక్క కట్టాడు. లెక్క సరైనదే. కానీ ఒక్క జత రెసిస్టరు, కెపాసిటరు వాలు చాలా మెల్లగా ఉంటుంది. పౌనఃపున్యం రెండింతలైతే శబ్దం సగానికి తగ్గుతుంది, అంతే. 7,560 దగ్గర అది ఆపేది సగం కంటే కొంచెం ఎక్కువ, వందలో నలభై పాళ్ళు లోపలికి వచ్చేస్తుంది. దెయ్యం గొంతు తగ్గుతుంది కానీ దెయ్యం పోదు. పోవాలంటే అలాంటి జల్లెళ్ళు వరసగా అయిదారు పేర్చాలి, లేదా ఆప్ ఆంప్‌లతో నిటారు ఫిల్టరు కట్టాలి. విడి భాగాలతో కడితే విలువల్లో ఉండే చిన్న చిన్న తేడాల వల్ల ఆ వాలు అనుకున్న చోట పడదు. ఈ పనిలో చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి ఆ దారి వద్దన్నాను.

ఇంకో దారి చెప్పాను. మన సెల్‌ఫోన్లు పోయే దారి అదే. కొలిచేది 8,000 సార్లు కాకుండా 32,000 సార్లు కొలువు. అప్పుడు టేపు మడత 16,000 దగ్గరికి జరుగుతుంది. 4,000 లోపలికి వచ్చి పడాలంటే శబ్దం 28,000 పైన ఉండాలి. అక్కడ నీ జత రెసిస్టరు, కెపాసిటరు ఎనిమిదో వంతే లోనికి వదులుతుంది, పైగా అంత ఎత్తున సన్నాయిలోనూ చవక మైకులోనూ మిగిలి ఉండేది చాలా తక్కువ. 4,000 నుంచి 28,000 మధ్య ఉన్నవి లోనికి వచ్చినా 4,000 లోపలి వాటి మీద పడలేదు. 4,000 లోపల ఉన్నవి నిక్షేపంగా ఉన్నాయి, పైవి పైనే ఉన్నాయి. ఇప్పుడు బోర్డులోనే, అంకెల మీద, ఒక నిటారు డిజిటల్ ఫిల్టరుతో 3,600 పైవాటిని తీసెయ్. అంకెల మీద కట్టే ఫిల్టరులో కెపాసిటర్లు లేవు, ఎండకీ వానకీ మారదు. ఆ తర్వాత నాలుగు శాంపిళ్ళకి ఒకటి ఉంచుకుని మిగతా మూడూ పారేయ్. కార్డులోకి వెళ్ళేది 8,000 మాత్రమే. ఫోను మైకుల్లో చాలావరకు ఇదే చేస్తాయి, కాకపోతే కొలిచేది సెకనుకు పది లక్షల సార్లకు పైగా.

"ముందు తీసేసి తర్వాత పారేయాలి" అని రెండుసార్లు చెప్పాను. ఎందుకంటే ఆ వరస తప్పిన ఫైలు ఆ హాల్లోనే ఇంకొకటి ఉంది. ఇందాకటి అమ్మాయి బృందం మంచి ఫోనుతో 48,000 రేటులో మాటలు రికార్డు చేసింది. అందులో ఏ దోషమూ లేదు. తర్వాత ఫైలు చిన్నది చేద్దామని పైథాన్‌లో ఆరింటికొకటి ఏరుకున్నారు.

```python
y = x[::6]                                    # ఇది దెయ్యాల్ని పిలుస్తుంది
y = scipy.signal.decimate(x, 6, ftype="fir")  # ఇది ముందు జల్లెడ పడుతుంది
```

మొదటి వరస రాసినవాళ్ళకి అంకెల్ని పారేయడం అంటే వివరం కాస్త తగ్గడం మాత్రమే. నిజానికి ఆరింటికొకటి తీసుకోవడమంటే 8,000 రేటుతో జల్లెడ లేకుండా మళ్ళీ కొలవడమే. వాళ్ళ ఫైలులో మూలుగు లేదు. దాని బదులు 'స', 'శ' వచ్చిన ప్రతిచోటా ఉమ్మి తుంపరలా ఒక చరచర. ఆ హల్లుల బలంలో చాలా భాగం 4,000 పైన ఉంటుంది. అదంతా మడత పడి అచ్చుల మీద కూర్చుంది. స్వరం కాకుండా రొద మడత పడితే రొదే వస్తుంది కాబట్టి దాన్ని దెయ్యమని ఎవరూ పోల్చుకోలేదు, మైకు బాగాలేదనుకున్నారు. నేటి రోజుల్లో నేను చూసిన ఏలియాసింగులో ఎక్కువ భాగం ఇలా పుట్టిందే. మైకులూ చిప్పులూ జాగ్రత్తగానే ఉన్నాయి, మనమే మధ్యలో అంకెలు పారేస్తున్నాం.

మైకు దోషమా, మడత దోషమా అని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. అదే స్వరాన్ని రెండు వేర్వేరు రేట్లలో రికార్డు చేసి చూడాలి. నిజమైన స్వరం రెండింటిలోనూ ఉన్నచోటే ఉంటుంది. దెయ్యం చోటు మారుతుంది. కుర్రాడి బోర్డుని 10,000కి మార్చి ఫోనులోంచి 7,560 హెర్ట్జ్ స్వరం వినిపించాం. ఇందాక 440 దగ్గర పడిన గీత ఇప్పుడు 2,440 దగ్గర పడింది. 8,000 రేటుతో తీసినప్పుడు 440 అన్నవాడు, 10,000 రేటుతో తీస్తే 2,440 అంటున్నాడు. పోలీసు స్టేషనుకొక పేరు చెప్పేవాడు దొంగ కాక మరేమిటి అని ఎవరో అన్నారు. ఈ పరీక్షకి ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు. ఫోనులో సన్నగా మొదలై పైకి పోతూ ఉండే టోన్ ఒకటి వినిపించి, రికార్డు చేసి వింటే చాలు. పైకి పోతూ పోతూ ఒకచోట వెనక్కి తిరిగి దిగడం మొదలుపెడితే జల్లెడ లేనట్టే.

మూడు వారాల తర్వాత కుర్రాడు రెండు ఫైళ్ళు పంపాడు. మొదటిది పాతది. రెండోది 32,000తో కొలిచి, జల్లించి, నాలుగింటికొకటి ఉంచుకున్నది. అదే తారస్థాయి పంచమం, అదే గమకం. 440 దగ్గర ఏమీ లేదు, 400 దగ్గర ఏమీ లేదు. నేను సంతోషంగా ఫోను చేశాను.

"మూలుగు పోయింది సార్. కానీ తాతయ్యకి నచ్చలేదు" అన్నాడు.

"ఏమన్నారు?"

"సన్నాయి గొంతులో గుడ్డ కుక్కి వాయించినట్టుంది అన్నాడు."

పెద్దాయన చెవి మళ్ళీ సరిగ్గానే పట్టుకుంది. 840 స్వరానికి ఇప్పుడు మిగిలినవి నాలుగు హార్మోనిక్సే. దెయ్యాలు పోయాయి కానీ, ఆ దెయ్యాలుగా మారిన అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది కూడా పోయాయి. సన్నాయిని సన్నాయి చేసేవి అవే. వాటిని తప్పుడు చోట పెట్టకుండా ఆపడం జల్లెడ పని, వాటిని ఉన్నచోట ఉంచడం జల్లెడ వల్ల కాదు. దానికి హద్దునే పైకి జరపాలి. కార్డులోకి వెళ్ళే రేటు 16,000 చేస్తే జల్లెడ 7,000 దాకా తెరవవచ్చు, 6,720 దగ్గరున్న ఎనిమిదో హార్మోనిక్ దాకా దక్కుతాయి. 32,000తో కొలిచి నాలుగింటికి బదులు రెండింటికొకటి ఉంచుకుంటే సరి. శాంపిల్‌కి రెండు బైట్లు చొప్పున గంట సన్నాయికి 115 మెగాబైట్లు అవుతుంది, ఇంతకుముందు దానికి సగం సరిపోయేది.

"ఇన్ని బైట్లు కార్డులో రాసేటప్పుడు మధ్యలో ఆగిపోతోంది సార్. ఆ ఆగిన సేపట్లో శాంపిళ్ళు ఎగిరిపోయి టప్‌మని శబ్దం వస్తోంది" అన్నాడు.

అది ఏలియాసింగ్ కాదు, బఫరు చాలడంలేదు. ఆ సంగతి రేపు చూద్దామని ఫోను పెట్టేశాను.